అజాతశత్రువు, మృదుస్వభావి... ఇంతకీ ఎవరండీ ఆవిడ?

ముందుగా ఈ ఉపన్యాసం ఒకసారి చదవండి.

“వేదికను అలంకరించిన పెద్దలకు, సభికులకు నమస్కారం. నాకన్నా ముందు మాట్లాడిన వక్తలు అన్నీ చెప్పేశారు, నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మేడమ్ గారి గురించి చెప్పాలంటే మాటలు చాలవు. నేను చెప్పబోవడం సూర్యుడికి దివిటీ పట్టడమే. అంకితభావానికి, క్రమశిక్షణకు, సమయపాలనకు ఆమె మారుపేరు. మృదుస్వభావి, స్నేహశీలి, అజాతశత్రువు. చేపట్టిన పదవులకే వన్నె తెచ్చారు. ఉద్యోగంలో చేరిన ప్రతి ఒక్కరికీ పదవీ విరమణ తప్పదు. అయితే విరమణ ఉద్యోగానికే గానీ సేవకు కాదు. మేడమ్ గారు లేని లోటు ఎవరూ తీర్చలేనిది. ఆమె అడుగుజాడల్లో మనమందరం నడవాలి. ఆమె శేష జీవితం కుటుంబ సభ్యులతో, మనవలతో ఆనందంగా గడవాలని, ఆయురారోగ్యాలు ప్రసాదించాలని ఆ భగవంతుణ్ణి ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.”

ఇది ఎవరి గురించి? తహసీల్దారు కావచ్చు, హెడ్ నర్సు కావచ్చు, బ్యాంకు మేనేజరు కావచ్చు. ‘మేడమ్’ తీసేసి ‘సారు’ అని పెడితే ఆర్టీసీ డిపో మేనేజరుకూ సరిపోతుంది. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, ఇందులో సగం వాక్యాలు సంతాప సభకు కూడా పనికొస్తాయి. ‘లేని లోటు తీర్చలేనిది’ అన్న మాట పూలదండ వేసుకుని ఎదురుగా కూర్చున్న మనిషి చెవిన పడుతోందని చాలామంది వక్తలకు తట్టదు. ‘శేష జీవితం’ సంగతి కూడా అంతే. మిగిలింది ఇంతేనని గుర్తుచేయడానికి ఎవరూ శాలువా కప్పరు కదా.

ఈ ఉపన్యాసం ఏ ఒక్కరిదీ కాదు. నెలాఖరు సాయంత్రం ఏ ఆఫీసు హాల్లోకి తొంగి చూసినా వినిపించే మాటల్ని ఒకచోట చేర్చాను. నెలాఖరు అని ఎందుకన్నానంటే, మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగి ఏ తేదీన పుట్టినా విరమణ ఆ నెల చివరి రోజునే. ఒకటో తేదీన పుట్టినవాళ్లయితే అంతకుముందు నెల చివరి రోజున. అందుకే ఆ ఒక్క సాయంత్రం ఊళ్లో రెండు మూడు సన్మానాలు పడతాయి, ఒకే వక్త రెండు చోట్లా అదే ఉపన్యాసం చెప్పి భోజనం దగ్గరికి వస్తాడు.

ఈ మాటలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయంటే, చాలామట్టుకు సన్మాన పత్రం నుంచి. ఫ్రేము కట్టించి ఇచ్చే ఆ పత్రంలో ప్రతి పేరాకూ ‘కార్యదక్షా!’, ‘సౌజన్యమూర్తీ!’ అని ఒక సంబోధన ఉంటుంది. కింద నాలుగు వాక్యాల సమాసాలు. అది గోడకు తగిలించుకునే వస్తువు, దాని పద్ధతి దానిది, నాకు దానితో పేచీ లేదు. పత్రం చదివేశాక మైకు దగ్గరికి వచ్చినవాళ్లు కూడా అదే భాష మాట్లాడటంతోనే వస్తుంది చిక్కు. అయిదేళ్లో ఆరేళ్లో పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషి నుంచి సభ వినాలనుకునేది పత్రంలో లేని సంగతి.

ఒక ఉదాహరణ తీసుకుని ఈ ఉపన్యాసాన్ని తిరగరాద్దాం. విరమణ చేస్తున్నావిడ తెలంగాణలో ఒక చిన్న పట్నంలో సబ్ పోస్ట్‌మాస్టర్ అనుకోండి. కేంద్ర ప్రభుత్వ శాఖ కాబట్టి 60 ఏళ్లకే విరమణ. మాట్లాడవలసినవాడు ఆవిడ దగ్గర ఆరేళ్లుగా కౌంటర్లో పనిచేస్తున్న పోస్టల్ అసిస్టెంట్, ముప్ఫై దాటని కుర్రాడు. పైన చదివిన కాగితం అతని జేబులో ఉంది.

మొదటి పని, ఎర్ర పెన్ను తీసుకుని ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగడం. ఈ వాక్యం పక్క ఆఫీసులో విరమణ చేసే మనిషికి కూడా అతుకుతుందా? అతికితే కొట్టేయాలి. ఇలా కొట్టుకుంటూ పోతే మన కాగితం మీద ‘నమస్కారం’ ఒక్కటి నిలుస్తుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు. కొట్టేసిన విశేషణాల్లో ఒకటో రెండో రాసేవాడి మనసులో నిజంగా ఉన్నవే అయి ఉంటాయి. ‘క్రమశిక్షణ’ అని రాస్తున్నప్పుడు ఏదో ఒక రోజు, ఏదో ఒక చివాటు గుర్తొచ్చే ఉంటుంది. గుర్తొచ్చిన ఆ రోజు కాగితం మీదికి రాలేదు, దాని పేరు మాత్రం వచ్చింది. కాబట్టి కొట్టేసిన ప్రతి విశేషణం పక్కన ‘ఎప్పుడు?’ అని రాసుకోవాలి. జవాబు దొరకని విశేషణాన్ని వదిలేయవచ్చు, అది మొహమాటానికి రాసింది.

తర్వాత నలుగుర్ని అడగాలి. ‘ఆవిడ ఎలాంటివారు?’ అని అడిగితే ‘చాలా మంచివారు సార్’ అని వస్తుంది, అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది. జరిగిన సంగతి రావాలంటే ప్రశ్న వేరేగా ఉండాలి. ఆవిడ సెలవు పెట్టిన రోజు మీకు ఏ పని ఆగిపోతుంది? మీ మీద ఎప్పుడైనా కోప్పడ్డారా, దేనికి? ఇంకెవరూ పట్టించుకోని ఏ పనిని ఆవిడ రోజూ పట్టించుకునేవారు? వీటిని పోస్ట్‌మ్యాన్‌ను, ఆఫీసు ఊడ్చే ఆమెను, పొదుపు ఖాతాల ఏజెంటును అడగాలి. పై అధికారులను అడగడం వల్ల పెద్దగా లాభం ఉండదు. వాళ్లు ఆవిడను ఎక్కువగా చూసింది ఫైళ్లలోనూ తనిఖీ రోజుల్లోనూ.

మన కుర్రాడు అలా అడిగితే నాలుగు సంగతులు చేతికొచ్చాయనుకుందాం.

పోస్ట్‌మ్యాన్ చెప్పింది: మనిషి దొరకని రిజిస్టర్డ్ ఉత్తరాన్ని ఆఫీసులో ఏడు రోజులు ఉంచి వెనక్కి పంపడం అప్పటి పద్ధతి. ఆవిడ అయిదో రోజున ఆ కట్ట విప్పి, ఉద్యోగాల కబురులా కనిపించిన కవర్లను వేరుచేసి, ఆ వీధి వాళ్లెవరైనా కౌంటర్ దగ్గరికి వస్తే వాళ్లతో కబురు పంపేవారు. రెండోది కుర్రాడు కళ్లారా చూసింది, పింఛన్ల వారంలో ముసలివాళ్ల వేలిముద్రల సంగతి. మూడోది అతను తిన్న చివాట్లు. నాలుగోది ఏజెంటు గుసగుసగా చెప్పింది: ఒకసారి ఒక కౌంటర్లో డబ్బు తక్కువ పడితే, ఆ అమ్మాయి ఏడుస్తుంటే, మేడమ్ తన పర్సులోంచి తీసి సర్దారట.

నాలుగింటిలో కదిలించే కథ చివరిదే. సభలో చెప్పకూడనిదీ అదే. ఆ అమ్మాయి బహుశా మూడో వరసలో కూర్చుని ఉంటుంది. పేరు చెప్పకపోయినా ఆఫీసులో అందరికీ తెలుసు. పైగా వేదిక మీద సూపరింటెండెంట్ ఉంటారు. లెక్క తక్కువైతే దాన్ని కాగితం మీద చూపించాలి, చాటుగా సర్దడం నిబంధనల ప్రకారం తప్పే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి విరమణ నాటికి శాఖాపరమైన విచారణ నడుస్తుంటే గ్రాట్యుటీ ఆగిపోతుంది. విరమణ అయ్యాక కూడా, నాలుగేళ్ల లోపు జరిగిన దానిమీద రాష్ట్రపతి అనుమతితో విచారణ మొదలుపెట్టే వీలుంది. అంత దూరం వెళ్లకపోవచ్చు. కానీ పొగడ్త అనుకుని మైకులో చెప్పిన మాటకు వేదిక మీద ఒకరు నొసలు ముడిచినా ఆవిడకు ఆ సాయంత్రం పాడైనట్టే. ‘రూల్స్ పక్కన పెట్టి సాయం చేశారు’ అనే మెచ్చుకోలు ఏ విరమణ సభలోనూ వద్దు.

ఇదే కోవలో వదిలేయవలసినవి ఇంకా కొన్ని ఉంటాయి. ఆవిడ ఆరోగ్యం, రాకుండా పోయిన ప్రమోషను, పెళ్లికాని పిల్లలు, యూనియన్ గొడవలు. నవ్వు పుట్టించాలనిపిస్తే ఆ నవ్వు మాట్లాడేవాడి మీద పడాలి. సన్మానం చేయించుకుంటున్న మనిషికి జవాబు చెప్పే వీలు ఆ కుర్చీలో ఉండదు.

ఒకరి నోట విన్నదాన్ని ఇంకొకరి దగ్గర సరిచూసుకోవడం కూడా అవసరమే. సంవత్సరం తప్పు చెప్పినా, వేరే మేడమ్ చేసిన పనిని ఈవిడకు అంటగట్టినా, ఆవిడకు వెంటనే తెలుస్తుంది. పైకి అనలేక తల ఊపుతూ కూర్చుంటారు.

మిగిలిన మూడింటిలో రెండు చాలు. అలాంటి సభల్లో ఏడెనిమిది మంది మాట్లాడతారు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు దొరికితే ఎక్కువ. కుర్రాడు తను స్వయంగా చూసిన రెండింటినీ ఉంచుకుని, ఉత్తరాల సంగతిని పక్కన పెట్టాడు. ఇక రాయడం.

మొదటి ప్రయత్నంలో ఇలా వచ్చింది: “మేడమ్ గారు పింఛన్ల కోసం వచ్చే వృద్ధుల పట్ల ఎంతో ఓపికగా, దయగా ఉండేవారు.” పాత కాగితం కన్నా మెరుగే, పింఛన్లు వచ్చాయి, వృద్ధులు వచ్చారు. అయినా ఓపిక ఎలా ఉంటుందో కనపడదు. రెండో ప్రయత్నం ఇది: “పాపం ఆ ముసలి తల్లులు వేళ్లరిగి కన్నీళ్లు పెట్టుకుంటుంటే మేడమ్ గారు కన్నకూతురిలా వాళ్ల చేతులు పట్టుకుని ఓదార్చేవారు.” ఇందులో మనుషులు కనిపిస్తున్నారు గానీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తున్నారు. కన్నీళ్లు ఎవరూ పెట్టుకోలేదు, ఆవిడ ఎవర్నీ ఓదార్చలేదు, ఆవిడ చేసింది పని. ఇంకో సంగతి, ఆ సభకు పింఛన్ తీసుకునే అవ్వల్లో ఒకరిద్దరు రావచ్చు. ‘పాపం’ అనిపించుకోవడానికి వాళ్లు రారు. ఒకరిని పెద్ద చేయడానికి ఇంకొకరిని చిన్న చేయడం మన సన్మాన సభల్లో తెలియకుండానే జరిగిపోతుంటుంది.

అప్పుడు కుర్రాడు ఆ రోజు బల్ల మీద ఏమేం ఉన్నాయో, ఆవిడ చేతులు ఏం చేశాయో వరసగా రాసుకున్నాడు. అందులోంచి వచ్చింది మూడోది. పూర్తి ఉపన్యాసం ఇలా తయారైంది.

“అందరికీ నమస్కారం. నేను మేడమ్ గారి దగ్గర ఆరేళ్లుగా కౌంటర్లో పనిచేస్తున్నాను. నేను చూసినవి రెండు సంగతులు చెప్పి కూర్చుంటాను.

పింఛన్ల వారం వస్తే మన ఆఫీసు ముందు తెల్లారేసరికి చెప్పుల వరస ఉంటుంది. వచ్చేవాళ్లలో చాలామంది బీడీలు చుట్టి, నాట్లు వేసి, వేళ్ల గీతలు అరిగినవాళ్లు. మిషన్ మీద వేలు పెడితే పడదు. నేను కొత్తగా వచ్చినప్పుడు రెండుసార్లు చూసి, ‘పడతలేదమ్మా, రేపు రా’ అనేవాణ్ణి. రేపు రావడమంటే మళ్లీ ఆటో కిరాయి, ఇంకో రోజు కూలి పోవడం. నాకది తట్టలేదు. ఒకరోజు మేడమ్ గారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బల్ల మీద ఒక గిన్నెలో నీళ్లు, ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ పెట్టారు. వేలు తుడవడం, ఆరనివ్వడం, బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అదీ పడకపోతే ఎడమ చెయ్యి. నన్ను ఒక్క మాట అనలేదు. నేను ‘రేపు రా’ అనబోయినవాళ్లలో చాలామంది ఆ పూటే డబ్బులు తీసుకుని వెళ్లారు. పడనివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నారు. మర్నాడు వాళ్లను మళ్లీ వరసలో నిలబెట్టలేదు.

రెండోది నేను తిన్న చివాట్లు. ఒకామె తన ఆర్‌డీ డబ్బులు ఎప్పుడొస్తాయని ఫిర్యాదు రాసింది. నేను ‘మీ ఫిర్యాదు పరిశీలనలో ఉన్నది’ అని జవాబు రాసి సంతకానికి పెట్టాను. మేడమ్ గారు చదివి వెనక్కి ఇచ్చేశారు. ‘పైసలు ఎప్పుడొస్తయని కదా ఆమె అడిగింది, పరిశీలన ముచ్చట ఆమెకెందుకు?’ అన్నారు. నాకు తేదీ తెలియదన్నాను. ‘తెలుసుకుని రాయి’ అన్నారు. హెడ్ పోస్టాఫీసుకు మూడు ఫోన్లు చేస్తే తేదీ తెలిసింది. ఆ జవాబు ఒక్క వాక్యం. దానికి నాకు సగం రోజు పట్టింది. ఆ తర్వాత నేను రాసిన ఏ జవాబులోనూ ‘పరిశీలన’ లేదు.

సారు గారికి ఒక మాట. నెలాఖరు లెక్కల రోజుల్లో ఆలస్యమైతే గేటు బయట స్కూటర్ మీద మీరు ఎదురుచూడటం మేమందరం చూశాం. మేడమ్ గారి చేత అంతసేపు పనిచేయించుకున్నది మేమే. మీకు మా అందరి నమస్కారం.

మేడమ్ గారూ, మీరు నిండు ఆరోగ్యంతో ఉండాలని కోరుకుంటున్నాను. వచ్చే పింఛన్ల వారానికి గిన్నెలో నీళ్లు నేను పోస్తాను. నమస్కారం.”

ఇందులో ‘అంకితభావం’ అన్న మాట లేదు. ‘దయ’ లేదు, ‘క్రమశిక్షణ’ లేదు. విన్నవాళ్లు తలా ఒక పేరు పెట్టుకుంటారు, బయటికొచ్చి టీ తాగుతూ ‘ఆవిడ పట్టుదల మనిషి’ అని ఒకరంటే, ‘పట్టుదల కాదు, ఎదుటివాళ్ల ఇబ్బంది తెలుసు’ అని ఇంకొకరంటారు. ఆ వాదన నడిచిందంటే ఉపన్యాసం పనిచేసినట్టే.

పాత కాగితంలో ఒక్కటి మాత్రం పోలేదని గమనించే ఉంటారు, ఆరోగ్యంగా ఉండాలన్న కోరిక. అది అరిగిన మాటే, పక్క ఆఫీసు మనిషికీ అతుకుతుంది, నేనే పెట్టిన పరీక్షలో తప్పుతుంది. అయినా ఉంచాలంటాను. మన సభల్లో చివర మంచి కోరకుండా దిగిపోతే వెలితిగా ఉంటుంది, పెద్దవాళ్లు దానికోసం చూస్తారు కూడా. అరిగిన మాట ఒక్కటుంటే ఆచారం, పదిహేనుంటేనే విసుగు. వయసులో చిన్నవాడు ఆశీర్వదించినట్టు కాకుండా కోరుకున్నట్టు చెప్పాలి, అంతే.

భార్యాభర్తలిద్దర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి సన్మానం చేయడం మన అలవాటు. సాధారణంగా రెండో కుర్చీలో ఉన్న మనిషికి దక్కేది ‘కుటుంబ సభ్యుల సహకారం మరువలేనిది’ అన్న ఒక్క వాక్యమే. స్కూటర్ మాట అక్కడ పెట్టింది అందుకే. విరమణ చేసేది మగవాడైతే ఆ కుర్చీలో ఆయన భార్య ఉంటుంది, ఆవిడ గురించి ‘ప్రతి మగవాడి విజయం వెనుక’ అని మొదలుపెట్టకుండా ఉండటానికి ఇంకా గట్టి ప్రయత్నం కావాలి. ఆవిడ ఆఫీసు వాళ్ల కోసం పండక్కి పంపిన అరిసెల గురించో, అర్ధరాత్రి ఫోను ఎత్తి ‘ఇస్తాను, ఉండండి’ అన్న మాట గురించో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

చెప్పే తీరు గురించి ఎక్కువ లేదు. ఆవిడ మాటను ఆవిడ యాసలోనే ఉంచాలి, కానీ గొంతు అనుకరించకూడదు. ఇంట్లో గురువుగా, అక్కగా మాట్లాడుకున్నా మైకులో మాత్రం ‘గారు’ వదలకూడదు. కాగితం చూసి చదవడం నామోషీ కాదు. చూడకుండా మాట్లాడబోయి తడబడితే నోటికి ముందుగా వచ్చేది ‘ఆమె సేవలు మరువలేనివి’ అనే. ఇంట్లో ఒకసారి బయటికి చదివి, నోరు తిరగని వాక్యాన్ని రెండుగా విరిస్తే చాలు. గొంతు పట్టేస్తుందనిపించే చోట కాగితం మీద ఒక గీత పెట్టుకుంటే, అక్కడ ఆగి మంచినీళ్లు తాగవచ్చు.

ఇక పక్కన పెట్టిన ఉత్తరాల సంగతి. అది కూడా రాసి ఇంకో జేబులో పెట్టుకోవాలి. ఏడెనిమిది మంది మాట్లాడే సభలో పింఛన్ల కథ మీకన్నా ముందు పోస్ట్‌మ్యాన్ చెప్పేయవచ్చు. అప్పుడు ‘ముందు వక్తలు అన్నీ చెప్పేశారు’ అనే వాక్యం నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపి, ‘గిన్నె సంగతి అన్న చెప్పాడు, ఆ రోజు ‘రేపు రా’ అన్నవాణ్ణి నేనే’ అని ఒక్క మాట అని, రెండో జేబులో చెయ్యి పెట్టాలి.